ముందు నుంచి కాదు, పక్క నుంచి తీయండి: ఫోటోల్లో లిల్లీ, అమరిల్లిస్, క్రైనమ్ గుర్తుపట్టడం

మార్చి నెల సగమయ్యేసరికి నా ఫోన్‌కి ఒకే రకం ఫోటోలు రావడం మొదలవుతుంది. ఎర్రదో, తెల్లదో ఒక పెద్ద పువ్వు. ఎదురుగా నిలబడి, దగ్గరికి జరిగి తీసిన ఫోటో. వెనకాల అంతా మసక. కింద ఒక ప్రశ్న: "ఇది లిల్లీయేనా అండీ?"

నిజం చెప్పాలంటే అలాంటి ఫోటో చూసి చాలాసార్లు నేను కూడా చెప్పలేను. లిల్లీకి రేకులు ఆరు, అమరిల్లిస్‌కి ఆరు, క్రైనమ్‌కీ ఆరే. కేసరాలు కూడా మూడింటికీ ఆరేసి. ముందు నుంచి చూస్తే మూడూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. తేడాలన్నీ పువ్వు వెనక, కాడ మీద, ఆకుల మొదట్లో, మట్టి దగ్గర ఉంటాయి. మనం ఫోటో తీయనివి సరిగ్గా ఆ చోట్లే. అందుకే గుర్తులు చెప్పేటప్పుడే ఏ ఫోటో ఎలా తీయాలో కూడా చెబుతాను.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం

మన హైదరాబాద్‌లో 'లిల్లీ' అన్న మాటను నమ్ముకుంటే కష్టం. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో లిల్లీ పూలు కిలో ఎంత అని అడిగితే ఇచ్చేది నేలసంపెంగ, అంటే రజనీగంధ. దండల్లో గుచ్చే ఆ తెల్ల పూలకూ ఇక్కడ చెప్పుకునే లిల్లీకీ సంబంధం లేదు. నర్సరీలో అడిగితే వానలకు పూసే చిన్న గులాబీ రంగు పూల మొక్క రెయిన్ లిల్లీ, సాలీడు కాళ్లలాంటి రేకులున్నది స్పైడర్ లిల్లీ, గుండ్రటి ఎర్ర బంతిలా పూసేది ఫుట్‌బాల్ లిల్లీ. ఇవేవీ అసలు లిల్లీలు కావు. అసలు లిల్లీ అంటే లిలియం జాతి. బొకేల్లో పెట్టే ఓరియంటల్ లిల్లీ, ఏషియాటిక్ లిల్లీ ఆ జాతివే.

అమరిల్లిస్ సంగతీ అంతే. మన ఇళ్లలో వేసవిలో ఎర్రగా, నారింజ రంగులో పూసేదాన్ని అందరం అమరిల్లిస్ అంటాం కానీ, శాస్త్రం ప్రకారం అది హిప్పియాస్ట్రమ్, దక్షిణ అమెరికా మొక్క. అసలు అమరిల్లిస్ దక్షిణాఫ్రికాది. ఈ పేరు ఏ మొక్కకు చెందాలన్నది చాలాకాలం నలిగి, చివరికి 1987లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర కాంగ్రెస్‌లో దక్షిణాఫ్రికా మొక్కకే ఖాయమైంది. అది చలికాలంలో వానలు, వేసవిలో ఎండు నేల ఉండే చోటు నుంచి వచ్చింది. మన వాతావరణం దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది కాబట్టి మీ పెరట్లో అది ఉండే అవకాశం దాదాపు లేదు. ఇక్కడ నేను అమరిల్లిస్ అన్నప్పుడల్లా మన ఇళ్లలోని హిప్పియాస్ట్రమ్ గురించే.

క్రైనమ్ మీరు తప్పకుండా చూసే ఉంటారు. పార్కుల్లో నడక దారుల పక్కన, ఆఫీసుల కాంపౌండుల్లో, పెద్ద పెద్ద ఆకులతో పొదలా ఉండి, సన్నటి తెల్ల రేకుల పూల గుత్తి వేసేది అదే. తెలుగులో విషముంగలి అంటారు. ఆ పేరులో 'విషం' ఊరికే రాలేదు, ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఫోటోలు తీసే ముందు

పొద్దున్నే, ఎండ నేరుగా పడకముందే తీయండి. తెల్ల పూల మీద ఎండ పడితే ఫోన్‌లో రేకులు సున్నం కొట్టినట్టు వచ్చేస్తాయి, గీతలూ గొట్టాలూ కనిపించవు. తప్పనిసరై ఎండలో తీస్తే గొడుగు అడ్డం పెట్టండి, లేదా తెర మీద పువ్వును వేలితో తాకి వెలుతురు కొంచెం తగ్గించండి. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వద్దే వద్దు. అది పువ్వును మెరిపించి, మనకు కావలసిన కాడనూ ఆకులనూ మసకచేస్తుంది.

మొక్కలు రెండు మూడు ఉంటే ఒక్కోదానికి కాగితం ముక్క మీద నంబరు రాసి, ముందు ఆ కాగితాన్ని మొక్క పక్కన పెట్టి ఒక ఫోటో తీసి, తర్వాత దాని ఫోటోలన్నీ వరసగా తీయండి. ఇది చాదస్తంలా కనిపిస్తుంది. ఒకసారి మల్కాజిగిరి నుంచి ఒకావిడ పంపిన ఫోటోల్లో ఒక కుండీ పువ్వునూ పక్క కుండీ ఆకులనూ కలిపి చూసి, నేను ఎంతో ధీమాగా క్రైనమ్ అని చెప్పేశాను. ఆవిడ నా మాట విని కుండీలోంచి తీసి ప్రహరీ పక్కన నీడలో నాటేశారు. తీరా అది అమరిల్లిస్. రెండేళ్లు పూయలేదు. అప్పటి నుంచి కాగితం ముక్క లేనిదే నేను చెప్పను.

కొలత కోసం పది రూపాయల నాణెం కానీ, స్కేలు కానీ ఫ్రేములో ఉంచండి. ఫోటోలో చిన్న ఉల్లిగడ్డ, కొబ్బరికాయ ఒకే సైజులో కనిపించగలవు.

మొదటి ఫోటో: మొక్క మొత్తం

నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మట్టి నుంచి పువ్వు దాకా అంతా వచ్చేలా తీయండి. ఈ ఒక్క ఫోటోతో లిల్లీ తేలిపోతుంది. పువ్వు ఉన్న కాడ నిండా, కింది నుంచి పై దాకా ఆకులు ఉంటే అది లిల్లీ. ఆకులు వేలెడు పొడవు నుంచి జానెడు దాకా ఉంటాయి, కాడ చుట్టూ మెట్లలా వస్తాయి, కాడ కొసన పూలు పూస్తాయి. అమరిల్లిస్‌కీ క్రైనమ్‌కీ పూల కాడ నున్నగా, ఒక్క ఆకు కూడా లేకుండా గడ్డలోంచి నేరుగా లేస్తుంది. ఆకులన్నీ కిందే, గడ్డ దగ్గర నుంచే వస్తాయి.

మన ఊళ్లో లిల్లీ కాలం కూడా ఒక ఆధారమే. చలికాలంలో నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాల్లో మొగ్గలతో ఉన్న కుండీలు అమ్ముతారు. నాలుగు వారాలు కనువిందు చేసి, ఏప్రిల్ ఎండలకు ఆకులు పసుపెక్కి పోతాయి. పదేళ్లుగా పెరట్లో ఉండి, ఎవరూ పట్టించుకోకపోయినా ఏటా పూస్తోంది అంటే అది లిల్లీ కాదని ఫోటో చూడకుండానే అనుకోవచ్చు.

రెండో ఫోటో: పువ్వును పక్క నుంచి

ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైన ఫోటో ఇది. పువ్వు ఎత్తుకు కూర్చుని, రేకుల వెనక భాగం, అది కాడకు అతుక్కునే చోటు స్పష్టంగా కనబడేలా తీయండి. వెనకాల ఒక తెల్ల కాగితమో నల్ల గుడ్డో పట్టుకుంటే ఇంకా మంచిది.

చూడాల్సింది అండాశయం ఎక్కడుందన్నది. అదే తర్వాత కాయ అయ్యే ఆకుపచ్చ ఉబ్బు. అమరిల్లిస్, క్రైనమ్ రెండింటిలోనూ అది పువ్వు కింద, రేకులకు బయట ఉంటుంది. లిల్లీలో రేకుల లోపల, పువ్వు నడిమధ్యన ఉంటుంది. అందుకే లిల్లీని వెనక నుంచి చూస్తే సన్నటి కాడ నేరుగా రేకుల్లో కలుస్తుంది, మధ్యలో ఉబ్బేమీ ఉండదు. గుమ్మడిపూవులో ఆడపువ్వు కింద పిందె కనిపిస్తుంది చూడండి, అమరిల్లిస్‌ది అలాంటి అమరికే, కాకపోతే పిందె చిన్నది.

ఇక అమరిల్లిస్‌ను క్రైనమ్ నుంచి విడదీయాలంటే ఆ ఉబ్బుకూ రేకులు విచ్చుకునే చోటుకూ మధ్య దూరం చూడండి. మన ఇళ్లలో పెంచే అమరిల్లిస్‌లలో ఉబ్బు అయిపోగానే రేకులు మొదలవుతాయి. మధ్యలో గొట్టం ఉన్నా చాలా పొట్టిది. ఉబ్బు కింద ఒక్కో పువ్వుకూ రెండు మూడు అంగుళాల చిన్న కాడ విడిగా ఉంటుంది. క్రైనమ్‌లో దీనికి తిరగేసి: పువ్వు కింద విడి కాడ ఉండీ లేనట్టుంటుంది, కానీ ఉబ్బు తర్వాత పొడవాటి సన్న గొట్టం మొదలవుతుంది. మూడు నాలుగు అంగుళాలు సాగి ఆ తర్వాతే రేకులు విచ్చుకుంటాయి. తొందరలో చూస్తే ఆ గొట్టాన్నే కాడ అనుకుంటాం. అందరూ పొరబడేది ఇక్కడే. ఆకుపచ్చ ఉబ్బు గొట్టానికి పైన ఉందా, కింద ఉందా అన్నది వేలు పెట్టి తడిమి చూసుకోండి.

ఆ ఫోటోలోనే పూలు లెక్కపెట్టండి. అమరిల్లిస్ ఒక కాడకు రెండు నుంచి ఆరు పూలు వేస్తుంది, ఎక్కువగా నాలుగు. క్రైనమ్ గుత్తిలో పది, ఇరవై కూడా ఉంటాయి, ఒక్కరోజే కాకుండా వంతులవారీగా విచ్చుకుంటాయి.

మూడో ఫోటో: ఆకులు, నేరుగా పై నుంచి

పూలు లేని నెలల్లో ఇదే దిక్కు. మొక్క మీదికి వంగి, ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టుకుని తీయండి. అమరిల్లిస్ ఆకులు ఎదురెదురుగా రెండు వరసల్లోనే వస్తాయి. పై నుంచి చూస్తే తెరిచిన విసనకర్రలా, ఒక గీత మీద అటూ ఇటూ పరుచుకున్నట్టు ఉంటుంది. క్రైనమ్ ఆకులు గుండ్రంగా, అన్ని దిక్కులకూ తిరుగుతూ వస్తాయి. పై నుంచి అది చక్రంలా ఉంటుంది.

వెడల్పు కూడా కొలవండి. అమరిల్లిస్ ఆకు రెండు మూడు వేళ్ల వెడల్పు, మూర పొడవు, మెత్తగా వంగిపోతుంది. పార్కుల్లోని క్రైనమ్ ఆకు అరచెయ్యంత వెడల్పు ఉండి మీటరు దాకా పెరుగుతుంది. అయితే ఒక హెచ్చరిక: చిన్న క్రైనమ్ పిలక ఆకులు సన్నగా, సరిగ్గా అమరిల్లిస్‌లాగే ఉంటాయి. ఆకులు నాలుగైదు కూడా లేని మొక్కను చూసి రెండు వరసలా, చక్రమా అని తేల్చకండి. గుంపుగా పిలకలు లేచిన కుండీలోనూ అంతే, ఎవరి ఆకు ఎవరిదో తెలియదు. ఒక్క గడ్డను వేరుచేసి చూస్తేనే నిజం.

నాలుగో ఫోటో: గడ్డ, దాని మెడ

తవ్వి తీయక్కర్లేదు. వేలితో చుట్టూ మట్టి రెండంగుళాలు పక్కకు జరిపి, గడ్డ భుజాలు కనిపించాక ఫోటో తీసి మళ్లీ కప్పేయండి.

అమరిల్లిస్ గడ్డ అచ్చం ఉల్లిగడ్డే. పైన గోధుమరంగు కాగితంలాంటి పొర, గుండ్రటి ఒళ్లు, పొట్టి మెడ. మెడ అయిపోగానే ఆకులు విడిపోతాయి. క్రైనమ్‌కూ పొరలుంటాయి కానీ మెడ పొడవు. ఆకుల మొదళ్లు ఒకదాన్నొకటి చుట్టుకుని అరటిబోదెలాంటి కాండాన్ని కడతాయి. ముదిరిన విషముంగలి మొక్కలో ఈ బోదె నేల మీద జానెడు, ఇంకా ఎక్కువ కూడా లేచి ఉంటుంది. పది అడుగుల దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి దీనికి మట్టి జరపాల్సిన పని కూడా లేదు.

లిల్లీ గడ్డ ఈ రెండింటికీ దూరం. పైపొర ఉండదు. తెల్లటి, కండగల పొలుసులు చేమంతి మొగ్గలా ఒకదాని మీద ఒకటి వదులుగా పేర్చినట్టుంటాయి. చేత్తో ఒక్కో పొలుసు ఊడదీయవచ్చు, వెల్లుల్లి రెబ్బ విడదీసినట్టు. బజార్లో లిల్లీ గడ్డలంటూ కాగితం పొర ఉన్న గుండ్రటి గడ్డలు ఇస్తే అవి లిలియం కావని అక్కడే చెప్పేయవచ్చు.

ఐదోది, అవసరమైతేనే: కోసిన కాడ

పూలు వాడిపోయాక ఆ కాడను గడ్డకు రెండు వేళ్ల పైన అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని ఫోటో తీయండి. అమరిల్లిస్ కాడ లోపల బోలు, బొప్పాయి ఆకు కాడలా గొట్టం. క్రైనమ్ కాడ లోపల స్పాంజిలా నిండుగా ఉంటుంది. ఒక్క కోతతో తగువు తీరిపోతుంది. ఎలాగూ వాడిన కాడను తీసేయాలి కాబట్టి మొక్కకు నష్టం లేదు. కత్తి మాత్రం వంటింటిది వద్దు.

సైనిక్‌పురి మొక్క

ఇదంతా ఒక మొక్క మీద చూద్దాం. మా వదిన వాళ్లది సైనిక్‌పురిలో పాత ఇల్లు. జులైలో మొదటి పెద్ద వానలు పడ్డాక ఆవిడ ఒక ఫోటో పంపింది: గంటలా ఉన్న తెల్ల పువ్వు, ఒక్కో రేకు మధ్యలో గులాబీ చార. "ఎదురింటావిడ అమరిల్లిస్ అంటోంది, నర్సరీ అబ్బాయి లిల్లీ అన్నాడు, నువ్వేమంటావు?"

చారల అమరిల్లిస్‌లు చాలా ఉన్నాయి కాబట్టి ఎదురింటావిడ మాట కొట్టిపారేయలేను. రేకులు వెడల్పుగా ఉన్నాయి కాబట్టి పార్కుల్లోని సన్న రేకుల క్రైనమ్ కాదని కూడా తెలుస్తోంది. నాకు అనుమానం కలిగించింది నెల. మన దగ్గర అమరిల్లిస్ మార్చి నుంచి మే లోపల ముగించేస్తుంది. జులైలో నిండుగా పూయడం మామూలు కాదు. కానీ నెల ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకూడదు, వేసవిలో నీళ్లు మానేసి వానలకు తడిసిన గడ్డ ఆలస్యంగా పూయవచ్చు.

మొక్క మొత్తం ఫోటో అడిగాను. కాడ మీద ఆకు లేదు, లిల్లీ పోయింది. పక్క నుంచి తీసిన ఫోటోలో కాడ కొసన తొమ్మిది పూలు, మొగ్గలు కలిపి లెక్క. ఒక్కో పువ్వు వెనక వేలెడు పొడవున ఆకుపచ్చ గొట్టం, కొంచెం వంగి, పువ్వును కిందికి వాల్చుతోంది. ఆ గొట్టానికి అడుగున, గుత్తి మొదట్లో చిన్న ఉబ్బులు. అక్కడితో నాకు నమ్మకం కుదిరింది. పై నుంచి తీసిన ఆకులు చక్రంలా ఉన్నాయి. గడ్డ మెడ మట్టిపైన నాలుగు వేళ్లు లేచి ఉంది. ఇది వెడల్పాటి రేకుల క్రైనమ్, లాటిఫోలియం అనే మన దేశపు రకానికి దగ్గరది. దగ్గరది అనే అంటున్నాను. గులాబీ చారల క్రైనమ్‌లలో సంకర రకాలు చాలా ఉన్నాయి, ఫోటోతో జాతి దాకానే చెప్పాలి.

వదిన ఒప్పుకోలేదు. పువ్వు చూస్తే అమరిల్లిస్‌లానే ఉంది కదా అంది. సరే, వాడిన కాడను కొయ్యకుండా ఉంచమన్నాను.

స్పైడర్ లిల్లీతో జాగ్రత్త

సన్న రేకుల తెల్ల క్రైనమ్‌ను తీసుకెళ్లి స్పైడర్ లిల్లీతో కలిపేయడం ఈ మధ్య బాగా చూస్తున్నాను. రెండూ పక్కపక్కనే నాటుతారు కూడా. ఇక్కడ మాత్రం ముందు నుంచి తీసిన ఫోటోయే పనికొస్తుంది. పువ్వు మధ్యలో కేసరాల మొదళ్లను కలుపుతూ పల్చటి తెల్లటి గిన్నెలాంటి పొర ఉంటే అది స్పైడర్ లిల్లీ, అంటే హైమెనోకాలిస్. క్రైనమ్‌లో ఆ గిన్నె ఉండదు. కేసరాలు దేనికది విడిగా, చాలా మొక్కల్లో వంకాయ రంగు కాడలతో, బయటికి చాచుకుని ఉంటాయి.

తెలిశాక ఏం మారుతుంది

అమరిల్లిస్ అయితే గడ్డ మెడ, భుజాలు మట్టిపైన ఉండేలా, గడ్డకు కొంచెమే పెద్దదైన కుండీలో పెట్టండి, ఎండ తగలాలి. క్రైనమ్‌ను కుండీలో ఇరికించకండి. నేలలో రెండు మూడు అడుగుల చోటిచ్చి, ఏటా తవ్వి కదపకుండా వదిలేయండి. లిల్లీ గడ్డను నాలుగైదు అంగుళాల లోతున పెట్టాలి, ఎందుకంటే దాని కాడకు గడ్డ పైన కూడా వేర్లు వస్తాయి.

ఇక విషం సంగతి. అమరిల్లిస్, క్రైనమ్ గడ్డల్లో లైకోరిన్ అనే పదార్థం ఉంటుంది. తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. అమరిల్లిస్ గడ్డ ఉల్లిగడ్డలా ఉంటుందని చెప్పాను కదా, తీసిన గడ్డలను వంటింటి గట్టు మీద ఆరబెట్టకండి. గడ్డలు ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చర్మం దురద పెట్టేవాళ్లు చేతి తొడుగులు వేసుకోండి. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం అసలు లిల్లీని కుండీలోనే కాదు, బొకేలో కూడా తేవద్దు. ఆకు కొరికినా, ఒంటి మీద పడిన పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు దెబ్బతిని చనిపోవచ్చు. పిల్లి కొరికిందని అనుమానం వస్తే, మొక్క ఫోటోలతో వెంటనే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. గుర్తుపట్టడంలో ఆలస్యం ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఇదొక్కటే.

సైనిక్‌పురి నుంచి కొన్ని వారాల తర్వాత మళ్లీ ఒక ఫోటో వచ్చింది. కాడ బరువుకు నేల మీద వాలిపోయి ఉంది, దాని కొసన పగిలిన కాయ, పక్కనే వదిన అరచేతిలో ఉసిరికాయల్లాంటి ఆకుపచ్చ విత్తనాలు మూడు. అమరిల్లిస్ విత్తనాలు నల్లగా, బల్లపరుపుగా, ఊదితే ఎగిరిపోయే కాగితం ముక్కల్లా ఉంటాయి. ఈ మూడింటిలో ఒకదానికి మట్టి తగలకుండానే తెల్లటి వేరు పొడుచుకొచ్చేసింది. కింద వదిన రాసింది: "సరేలే, క్రైనమే. ఒకటి ఎదురింటావిడకి ఇస్తున్నా."